ఎమోజీలతో బొమ్మల బోర్డు: మాటలు రాని పిల్లలకు ఎంతవరకు పనికొస్తుంది?

చిన్నారి అమ్మ
అందరికీ నమస్తే. పాపకి నాలుగున్నరేళ్లు. చెప్పింది అర్థం చేసుకుంటుంది, "చెప్పులు తీసుకురా" అంటే తెస్తుంది. నోటి నుంచి మాత్రం "అమ్మ", "బా" తప్ప మాట రాదు. వినికిడి పరీక్ష చేయించాం, బాగానే ఉందన్నారు. థెరపీకి వారానికి ఒక్కసారే తీసుకెళ్లగలం. మిగతా రోజుల్లో ఇంట్లో వాడదామని ఫోన్‌లో ఉండే ఎమోజీలు అరవై ఏరి, ఒక ఏ4 కాగితం మీద పెట్టి కలర్ ప్రింట్ తీయించాను. తిండి, జంతువులు, బళ్లు, రకరకాల ముఖాలు ఉన్నాయి. పాప బిస్కెట్ బొమ్మ ఒక్కటే ముట్టుకుంటుంది, మిగతావాటి వంక చూడనైనా చూడదు. ఎమోజీలతో అసలు ఈ పని అవుతుందా, వేరే బొమ్మలు కావాలా? ఎన్ని పెట్టాలి, ఏ సైజులో పెట్టాలి?

డాలస్ నాన్న
ఎమోజీలు మంచి ఎంపికే అండి. ఫోన్ చూసే పిల్లలందరికీ అవి అలవాటే, పైగా ఏ దేశంలోనైనా ఒకటే అర్థం అనుకుంటాను. అరవై ఎక్కువైపోయాయి, అదే అసలు సమస్య. రెండు బొమ్మలతో మొదలుపెట్టండి. ఆ రెండూ తప్పు లేకుండా చూపించాక మూడోది కలపండి. మా బాబు స్కూల్లో అలాగే చేశారు.

మాటలమ్మ (స్పీచ్ థెరపిస్ట్)
చిన్నారి అమ్మ గారూ, పాప బిస్కెట్ చూపించి మీ దగ్గర బిస్కెట్ తీసుకుంటోందంటే ముఖ్యమైన సంగతి ఆమెకి తెలిసిపోయినట్టే. బొమ్మ ముట్టుకుంటే ఎదుటి మనిషి స్పందిస్తారని పట్టుకుంది. ఇక బోర్డు సంగతి చూద్దాం.

మీ అరవైలో దాదాపు అన్నీ పేర్లే. ఏనుగు, రైలు, అరటిపండు. ఏనుగు బొమ్మ చూపించి పాప మీతో ఏం చెప్పాలి? ఇంట్లో ఏనుగు లేదు, అడిగినా మీరు ఇవ్వలేరు. పిల్లలు రోజంతా వాడే మాటలు వేరే ఉంటాయి: ఇంకా, వద్దు, కావాలి, ఇవ్వు, తియ్యి, చూడు, అయిపోయింది, అది. వస్తువు ఏదైనా ఇవే మాటలు పనిచేస్తాయి. "ఇంకా" అనే ఒక్క గడి బిస్కెట్‌కీ, ఊయలకీ, పాటకీ, చక్కిలిగింతలకీ సరిపోతుంది.

ఎమోజీలు చేతులెత్తేసేది ఇక్కడే. మెసేజుల్లో భావం చూపించడానికి పుట్టిన బొమ్మలు అవి. వస్తువులు, ముఖాలు దండిగా ఉంటాయి, క్రియలు చాలా తక్కువ. "కావాలి"కి ఎమోజీ లేదు. "అయిపోయింది"కి లేదు. "తియ్యి"కి తాళం బొమ్మ పెడితే అది తాళంగానే కనిపిస్తుంది, బిస్కెట్ డబ్బా మూత తియ్యమని చెప్పడానికి పనికిరాదు.

డాలస్ నాన్న గారూ, అరవై ఎక్కువన్న మాట నిజం. కానీ రెండుకి దించితే ఇంకో చిక్కు వస్తుంది. బిస్కెట్, బంతి రెండే ఉంటే పాపకి నీళ్లు కావాలన్నా ఆ రెండింట్లో ఒకటి ముట్టుకోవాల్సిందే. మనం "పాపకి అర్థం కాలేదు" అనుకుంటాం. నిజానికి చెప్పడానికి గడే లేదు. ఇరవై గడులు పెట్టండి. పాప ముట్టుకునేవి మొదట్లో మూడో నాలుగో ఉంటాయి, ఫరవాలేదు. మిగతావి మీరు ముట్టుకుంటూ మాట్లాడటానికి.

సుగుణ పిన్ని
ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. బొమ్మ చూపిస్తే పని జరిగిపోతుందని తెలిస్తే పిల్ల ఇక నోరెందుకు తెరుస్తుంది? అడగకముందే అన్నీ చేతికి అందిస్తే పిల్లలకి మాట్లాడాల్సిన అవసరమే రాదు. కొంచెం ఆగితే అదే వస్తుంది. ఈ బోర్డులు పెట్టి ఉన్న రెండు మాటలూ పోగొట్టకండి.

మాటలమ్మ
పిన్ని గారూ, మీరన్నదాంట్లో సగం చాలా సరైంది. అడగకముందే అందిస్తే అవసరం రాదు, అది నిజం. కానీ బోర్డు పెడితే మాట ఆగిపోతుందనే భయానికి ఆధారం దొరకలేదు. ఈ విషయం మీద అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని మిల్లర్, లైట్, ష్లోసర్ 2006లో ఒక సమీక్ష రాశారు. గట్టి ఆధారం ఉన్న కేసులు తీసుకుంటే బొమ్మలో సైగలో వాడినందువల్ల ఎవరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందిలో కొంత పెరిగింది కూడా. ఆ పెరుగుదల చాలామందిలో చిన్నదే, అదీ చెప్పాలి. బోర్డు పెట్టగానే మాటలు వస్తాయని నేను ఏ తల్లికీ మాట ఇవ్వను. అప్పటిదాకా పిల్ల తన మనసులో ఉన్నది చెప్పుకోవడానికి ఒక దారి ఉంటుంది, అంతే.

ఎలాగూ మీ మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను. పాప గడి ముట్టుకున్నాక "ఇప్పుడు నోటితో చెప్పు, అప్పుడే ఇస్తా" అనకండి. గడి ముట్టుకోవడమే మాట. నీళ్లు, టాయిలెట్, నొప్పి ఈ మూడింటికి పొరపాటున కూడా ఆపకూడదు.

కోనసీమ వాసు
మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎమోజీలతో మాట్లాడే యాప్ ఏదో శాంసంగ్ వాళ్లు తెచ్చారని విన్నాను. ఈ ఇరవై గడుల బోర్డు ఆయనకి పెట్టొచ్చా?

మాటలమ్మ
వాసు గారూ, మీరు విన్నది వెమోగీ అయ్యుంటుంది. 2017లో శాంసంగ్ ఇటలీ వాళ్లు ఒక స్పీచ్ థెరపిస్ట్‌తో కలిసి తెచ్చారు. ఇటువాళ్లు ఎమోజీల వరసను ఎంచుకుంటే అటువాళ్లకి మామూలు వాక్యంగా కనిపించేది. అది మెదడు దెబ్బతిని భాష కోల్పోయిన పెద్దవాళ్ల కోసం చేసింది. మీ నాన్నగారికి భాష ఒకప్పుడు పూర్తిగా ఉంది, ఇన్నేళ్ల జ్ఞాపకాలున్నాయి. పిల్లకి భాష ఇప్పుడిప్పుడే కట్టుకోవాలి. అందుకని ఈ బోర్డు ఆయనకి యథాతథంగా సరిపోదు. ఆయనకి ఊరి మనుషుల ఫొటోలు, పేపరు, మందులు, డబ్బు, గుడి ఇలాంటివి కావాలి. చదవడం కొంచెమైనా మిగిలిందా, కుడిచెయ్యి ఆడుతోందా అన్నదాన్ని బట్టి మారుతుంది. వేరే పోస్టు పెట్టండి, అక్కడ వివరంగా రాస్తాను.

చిన్నారి అమ్మ
మాటలమ్మ గారూ, ఆ ఇరవై గడులు ఏవో, ఏది ఎక్కడ పెట్టాలో చెప్తారా? ఎమోజీ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ సరిపోదో కూడా చెప్తే బాగుంటుంది.

మాటలమ్మ
ఏ4 కాగితం అడ్డంగా పెట్టండి. అయిదు నిలువు వరసలు, ఒక్కో దాంట్లో నాలుగు గడులు. ఎడమ నుంచి కుడికి చెప్తున్నాను.

మొదటి నిలువు: నాకు, నువ్వు, అది, ఏంటి
రెండోది: అమ్మ, నాన్న, నొప్పి, టాయిలెట్
మూడోది: నీళ్లు, బిస్కెట్, బంతి, పాట
నాలుగోది: ఇంకా, అయిపోయింది, బయటికి, చూడు
అయిదోది: కావాలి, వద్దు, ఇవ్వు, తియ్యి

క్రియలు కుడి చివర ఎందుకంటే, నెట్‌లో దొరికే ఇంగ్లిష్ బోర్డుల్లో "నేను", పక్కనే "కావాలి", ఆ తర్వాత వస్తువులు ఉంటాయి. ఆ భాష వరస అది. దాన్ని అలాగే తెలుగులోకి మార్చుకుంటే మీరు "నాకు నీళ్లు కావాలి" అంటున్నప్పుడు వేలు ఎడమకీ కుడికీ ఎగరాలి. మాట ఒక దారిలో, వేలు ఇంకో దారిలో పోతాయి. పై బోర్డులో వేలు ఒకే దిశలో నడుస్తుంది: నాకు, నీళ్లు, కావాలి. "బంతి ఇవ్వు", "అది వద్దు", "అమ్మ, చూడు" అన్నీ అలాగే వస్తాయి. మొదటి గడిలో "నేను" కాకుండా "నాకు" పెట్టింది కూడా అందుకే. ఈ వయసు పిల్లలు అడిగేది ఎక్కువగా "నాకు" తోనే.

ఇక ఎమోజీల సంగతి. బంతికి ⚽, పాటకి 🎵, చూడుకి 👀 బాగానే కుదురుతాయి. ఇవ్వుకి 🤲 పర్వాలేదు, రెండు చేతులు చాపి అడిగినట్టుంటుంది. మీ ఇంట్లో కమోడ్ ఉంటే 🚽 సరే, లేకపోతే మీ బాత్రూం తలుపు ఫొటో పెట్టండి. బిస్కెట్ దగ్గర జాగ్రత్త. 🍪 గుండ్రంగా, పైన చాక్లెట్ చుక్కలతో ఉంటుంది. పాప తినేది పలకలా ఉండే బిస్కెట్ అయితే మీ పాప దాన్ని బిస్కెట్‌గా గుర్తుపట్టిందో, ఆ మూలన ఉన్న బొమ్మ ముట్టుకుంటే బిస్కెట్ వస్తుందని చోటు గుర్తుపెట్టుకుందో మనకి తెలియదు. అమ్మకీ నాన్నకీ మీ ఫొటోలే పెట్టండి. నీళ్లకి 💧 వద్దు. ఒక్క చుక్క చూసి గ్లాసు నీళ్లు అనుకోవడం పెద్దవాళ్లకి తేలిక. పాప తాగే గ్లాసు ఫొటో తీయండి.

సరిపోనివి ఇంకొన్ని ఉన్నాయి. "నువ్వు"కి 🫵 చాలామంది పెడతారు. ఆ వేలు చూసేవాళ్ల వైపు ఉంటుంది. పాప ముట్టుకుంటే అది పాపనే చూపిస్తుంది. "అది"కి 👉 పెడితే పక్క గడి వైపు చూపిస్తున్నట్టు అనిపిస్తుంది. "వద్దు"కి 🙅 పెడితే చేతులు ఇంటూ ఆకారంలో పెట్టే ఆ సైగ జపాన్‌ది, మన ఇళ్లలో వద్దు అనడానికి తలో చెయ్యో ఊపుతాం. వీటికి ఆరాసాక్ బొమ్మలు వాడండి. స్పెయిన్‌లో అరగాన్ ప్రభుత్వం వాళ్లు ఈ పని కోసమే గీయించి ఉచితంగా పెట్టారు. సొంత వాడకానికి డబ్బు కట్టక్కర్లేదు, అమ్ముకోవడానికి మాత్రం ఒప్పుకోరు. arasaac.org లో `want`, `more`, `finished`, `open` అని వెతికితే దొరుకుతాయి.

అక్షరశిల్పి (ప్రింటింగ్, ఫాంట్ల పని)
మాటలమ్మ గారూ, ఒక చిన్న అభ్యంతరం. "ఇంకా"కి ఏ బొమ్మ గీసినా చూడగానే ఇంకా అని ఎవరికీ తెలియదు కదా. ఆరాసాక్ బొమ్మయినా నేర్పాల్సిందే. అలాంటప్పుడు ➕ పెట్టి నేర్పితే నష్టమేంటి? కాగితం మీద శుభ్రంగా, పెద్దగా కనిపిస్తుంది.

మాటలమ్మ
అభ్యంతరం న్యాయమైనదే. "ఇంకా", "అది" లాంటి మాటలు ఏ బొమ్మతోనైనా వాడుక వల్లే అర్థమవుతాయి. నాకు ➕ మీద ఉన్న ఇబ్బంది వేరు. చాలామంది "వద్దు"కి ❌ పెడతారు. ➕ ని కాస్త వంచితే అదే ❌. ఒకే బోర్డులో పూర్తిగా వ్యతిరేకమైన రెండు మాటలు దాదాపు ఒకే ఆకారంలో కూర్చుంటాయి. బోర్డు పాప ఒళ్లో పక్కకి తిరిగితే ఇక చెప్పక్కర్లేదు. "వద్దు"కి ఎర్ర గుండ్రంలో అడ్డంగా చెయ్యి పెట్టి, "ఇంకా"కి ➕ పెడితే నాకు అభ్యంతరం లేదు.

భవిత టీచర్, సిద్దిపేట
ముఖాల గురించి ఎవరూ చెప్పలేదు, మా ప్రత్యేక అవసరాల పిల్లల సెంటర్‌ల తల్లిదండ్రులు ఎక్కువ పెట్టేవి గవే. ఒక వరుస నిండా పసుపు ముఖాలు పెడతరు, "ఎట్లున్నవ్, చూపెట్టు" అంటరు. పిల్లలు ఏదో ఒకటి ముట్టుకుంటరు, మనం నమ్ముతం.

దగ్గర పెట్టి చూడుండ్రి. 😂 ల కన్నీళ్లు ఉన్నయి, 😭 ల కన్నీళ్లు ఉన్నయి. నోరు రెండిట్ల తెరిచే ఉంటది. 3 సెంటీమీటర్ల సైజుల తేడా అంతా కనుబొమ్మల దగ్గర, నోటి వంపు దగ్గరనే. ఆటిజం ఉన్న పిల్లల్ల చాలామంది ముఖంల గంత సన్నని తేడా పట్టుకోలేరు. 😪 ల ముక్కు దగ్గర బుడగ ఉంటది, జపాన్ బొమ్మల పుస్తకాల్ల నిద్రకు గది గుర్తు. మన దగ్గర దాన్ని చూసి జలుబు అనుకుంటరు, ఏడుపు అనుకుంటరు. 😤 ని కోపం అని పెడతరు, ఎమోజీలకు పేర్లు పెట్టే యూనికోడ్ల దాని పేరు గెలుపు ముఖం.

2016ల మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు పెద్దవాళ్లకే చూపెట్టి అడిగిన్రు. ఒకే ఫోన్ల ఒకే బొమ్మ చూసి కూడా అది మంచి భావమా, చెడ్డదా, మామూలుదా అన్న దానిమీద నాలుగింట ఒక వంతు సార్లు వాళ్ల మాట కలవలేదు. గట్లాంటిది నాలుగేండ్ల పిల్ల ఏం జెప్తది?

మేం ముఖాలు పెట్టం, పెడితే రెండే: సంతోషం, ఏడుపు. రంగులు, ఆకారాలు వేరే వేరే ఉండాలె. నొప్పికి ముఖం కాదు, ఒక మనిషి బొమ్మ పెడతం, ముందుదిక్కు మొత్తం ఒళ్లు కనబడేటట్టు. పిల్ల "నొప్పి" ముట్టుకోంగనె బోర్డు వెనకపక్క ఉన్న ఆ బొమ్మ తిప్పి పెడితే కడుపో చెవో చూపెడతది. 🤕 తలకు కట్టు కట్టిన ముఖం. కడుపు నొప్పి ఉన్న పిల్లకు అది పనికిరాదు.

చిన్నారి అమ్మ
టీచర్ గారూ, ఇది నాకు చాలా పనికొచ్చింది. నా కాగితంలో పదిహేను ముఖాలున్నాయి, అవి తీసేస్తున్నాను. అక్షరశిల్పి గారూ, నేను వర్డ్‌లో చేసినప్పుడు తెర మీద రంగుల్లో ఉన్నాయి, షాపులో ప్రింట్ తీస్తే కొన్ని నలుపు గీతలుగా, కొన్ని ఖాళీ డబ్బాలుగా వచ్చాయి. ఎందుకలా?

అక్షరశిల్పి
ఎమోజీ బొమ్మలా కనిపిస్తుంది కానీ నిజానికి అక్షరం. మీ ఫైలులో ఉండేది దాని నంబరు మాత్రమే. బొమ్మ ఎలా ఉండాలో ఆ మిషన్‌లో ఉన్న ఫాంట్ నిర్ణయిస్తుంది. మీ ఫోన్‌లో ఒకలా, షాపు కంప్యూటర్‌లో ఇంకోలా, పాత విండోస్‌లో నలుపు గీతగా వస్తుంది. ఆ ఫాంట్‌లో ఆ నంబరే లేకపోతే ఖాళీ డబ్బా వస్తుంది. ఆటో 🛺, దీపం 🪔, చీర 🥻 2019లో చేరాయి. అంతకు ముందు వచ్చి అప్‌డేట్ ఆగిపోయిన ఫోన్లలో ఇవి కనిపించవు. కుటుంబం బొమ్మ లాంటివి నాలుగైదు నంబర్లు అతికించి చేసినవి, ఫాంట్ పాతదైతే విడివిడి తలలుగా పడతాయి.

ఇందులో అసలు ప్రమాదం ప్రింట్ చెడటం కాదు. ఇంట్లో కాగితం మీద ఒక ముఖం, అమ్మమ్మ ఫోన్‌లో ఇంకో ముఖం ఉంటే పాపకి అవి రెండూ వేరే బొమ్మలు. మనకి ఒకటే అని తెలుసు, ఆమెకి ఎవరు చెప్పారు?

కాబట్టి ఎమోజీని టైప్ చేయకండి, బొమ్మగా అతికించండి. openmoji.org లో ఒక్కో ఎమోజీ పీఎన్‌జీ ఫైలుగా దొరుకుతుంది, ఉచితం. గీతలు మందంగా ఉండి కాగితం మీద స్పష్టంగా వస్తాయి. గడి 4.5 సెంటీమీటర్లు చదరం, మధ్యలో అర సెంటీమీటరు ఖాళీ. అయిదు గడులకి అడ్డంగా 24.5, నాలుగు గడులకి నిలువుగా 19.5 అవుతుంది. ఏ4 కి పడుతుంది, చుట్టూ అంచు మిగులుతుంది. గడిలో పైన తెలుగు మాట, కింద బొమ్మ. మాట కింద పెడితే పాప వేలు బొమ్మ మీద ఉన్నప్పుడు చెయ్యి దాన్ని కప్పేస్తుంది, పక్కన ఉన్న పెద్దవాళ్లకి కనిపించదు.

చేసిన ఫైలు పీడీఎఫ్‌గా పెట్టి షాపుకి పంపండి. కాగితం మందంగా ఉన్నది అడగండి, లామినేషన్ మెరుపు లేనిది చేయించండి. మెరిసే దాని మీద ట్యూబ్‌లైటు పడితే సగం గడులు తెల్లగా కనిపిస్తాయి. మూలలు గుండ్రంగా కత్తిరించండి, లేకపోతే చేతులకి గుచ్చుకుంటాయి. ఒకేసారి మూడు తీయించండి: ఒకటి తినే చోట, ఒకటి ఆడుకునే చోట, ఒకటి మీ బ్యాగులో. మూడింట్లోనూ గడుల చోట్లు మారకూడదు.

మాటలమ్మ
చోట్లు మారకూడదన్న మాటకి పక్కనే ఇది కలపండి. కొన్నాళ్లకి చెయ్యికే దారి తెలుస్తుంది, కళ్లతో వెతికే పని తగ్గుతుంది. కొత్త మాట కావాలంటే ఉన్నవి జరపకుండా ఒక గడి మార్చండి. నేను "బిస్కెట్", "బంతి" గడుల్ని మార్చుకునేవిగా ఉంచుతాను, మిగతా పద్దెనిమిదీ కదపను.

సుగుణ పిన్ని
సరే, బోర్డు తయారైంది అనుకుందాం. పిల్ల చేత ఎలా వాడిస్తారు? "నీళ్లు ఏది, చూపించు" అని అడగాలా?

మాటలమ్మ
అడగకూడదు పిన్ని గారూ. అది పరీక్ష అవుతుంది. పిల్ల రోజంతా పరీక్ష రాయదు. మనమే వాడి చూపించాలి. బిస్కెట్ తినేటప్పుడు ఎలా ఉంటుందో రాస్తాను.

ఒక బిస్కెట్‌ని నాలుగు ముక్కలు చేయండి. బోర్డు మీకూ పాపకీ మధ్య, ఆమెకి నిటారుగా కనిపించేలా పెట్టండి. ఒక ముక్క ఇవ్వండి. తినేసి మీ చేతి వంక చూసినప్పుడు మీరే "ఇంకా" ముట్టుకుని "ఇంకా! ఇంకా కావాలి" అనండి, ముక్క ఇచ్చేయండి. పాప ఏమీ చేయకపోయినా ఇచ్చేయండి. నోటితో వాక్యం మొత్తం చెప్పండి, వేలితో ఒక్క గడి ముట్టుకుంటే చాలు. రెండు ముక్కలు ఇలా అయ్యాక మూడోదానికి ముక్క చేతిలో పట్టుకుని మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఏమీ అనకండి, చెయ్యి పట్టుకుని గడి మీద పెట్టకండి. పది అన్నది పెద్దవాళ్లకి చాలా పొడుగ్గా అనిపిస్తుంది, చాలామంది మూడు దగ్గరే మాట్లాడేస్తారు. పాప ఎటువైపు చెయ్యి కదిపినా, గడి పక్కన తగిలినా ఇంకా అన్నట్టే తీసుకోండి. డబ్బా ఖాళీ అయినప్పుడు "అయిపోయింది" ముట్టుకుని ఖాళీ డబ్బా చూపించండి. డబ్బా మూత గట్టిగా పెట్టి ఇస్తే "తియ్యి"కి అవకాశం వస్తుంది. ఇష్టంలేని తిండికి "వద్దు" చూపించి మీరు నిజంగా తీసేస్తేనే "వద్దు" కూడా నేర్చుకుంటుంది. వద్దన్నా పెడుతూనే ఉంటే ఆ గడి చచ్చిపోతుంది.

చిన్నారి అమ్మ
పాప బిస్కెట్ బొమ్మని గుర్తుపట్టిందా, చోటుని గుర్తుపెట్టుకుందా అన్నారు. అది ఎలా తెలుసుకోవాలి?

భవిత టీచర్, సిద్దిపేట
బోర్డు మీద చూడొద్దు, అక్కడ గడులు కదపద్దని చెప్పిన్రు గదా. విడిగ రెండు కార్డులు తీసుకోండి, ఒకటి బిస్కెట్, ఒకటి పాపకు అస్సలు ఇష్టంలేనిది, సబ్బో దువ్వెనో. ముంగట పెట్టండి. ముట్టుకున్నది ఇయ్యండి, దువ్వెన ముట్టుకుంటే దువ్వెననే ఇయ్యండి. రెండు మూడుసార్లయినంక కార్డులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చండి. మార్చినా బిస్కెట్ వెనకనే పోతే బొమ్మను చూస్తున్నది. దువ్వెన ఇయ్యంగనె విసిరికొడితే అర్థమైనట్టే, గది మంచి సంకేతం. ఎప్పుడు ఒకే పక్క ముట్టుకుంటే చెయ్యి అటు సులువుగ పోతుందేమో చూడాలె. గప్పుడు కార్డులు పైకి కిందికి పెట్టి చూడండి.

బొమ్మను గుర్తుపట్టకపోతే ఎమోజీ పక్కన పెట్టి ఫొటో, ఫొటో గూడ కాకపోతే ఖాళీ బిస్కెట్ ప్యాకెట్ ముక్కను అట్టకు అతికించి ఇయ్యండి.

మాటలమ్మ
టీచర్ గారి పరీక్ష చక్కగా ఉంది. ఒక్క చోట నా అభిప్రాయం వేరు. ఫొటో దాటాకే గీసిన బొమ్మకి వెళ్లాలి అని మెట్లు పెట్టను. వస్తువులకి ఫొటో, క్రియలకి గీసిన బొమ్మ ఒకే బోర్డులో మొదటి రోజు నుంచే ఉండొచ్చు. "ఇంకా"కి ఫొటో ఎలాగూ తీయలేం.

భవిత టీచర్, సిద్దిపేట
మీరు చెప్పేది వాక్యం అర్థమయే పిల్లలకు నడుస్తది. ఈ పాపకు నడుస్తది అనుకుంటున్న. మా దగ్గరకు వచ్చే పిల్లల్ల కొందరికి చెప్పిన మాటనే అందదు. వాళ్లకు ఇరవై గడులు ముంగట పెడితే కాగితం నములుతరు. వాళ్లకు వస్తువుతోనే మొదలువెట్టాలె అంట నేను. ఈ సంగతి మీద మనిద్దరం ఒప్పుకోం.

డాలస్ నాన్న
నాదో ప్రశ్న. బాబు కోసం స్కూలు వేసిన విద్యా ప్రణాళిక, ఐఈపీలో రాశారు కాబట్టి స్కూలే ట్యాబ్లెట్ ఇచ్చింది. అందులో అన్నీ ఇంగ్లిష్, "నేను, కావాలి, నీళ్లు" వరసలో. ఇంట్లో మేం, అమ్మమ్మ అందరం తెలుగే. ఇంటికి మాటలమ్మ గారు చెప్పినట్టు క్రియలు కుడివైపు పెట్టి వేరే బోర్డు చేయాలా? అప్పుడు చెయ్యికి దారి తెలియడం అన్నారే, అది పాడవదా?

మాటలమ్మ
ఇది నిజంగా చిక్కు ప్రశ్న. నేనైతే స్కూలు ట్యాబ్లెట్ చోట్లు కదపను, అలవాటైన చెయ్యి విలువైంది. ఇంట్లో ఆ బొమ్మల్నే వాడుతూ తెలుగులో మాట్లాడండి. వాక్యం మొత్తానికి వేలు పెట్టకుండా ఒకే గడి ముట్టుకుంటే వరస గొడవ రాదు. "నీళ్లు కావాలా నాన్నా" అంటూ "కావాలి" ముట్టుకుంటే చాలు. ఇంట్లో ఇంగ్లిష్‌కి మారిపోవద్దు, అమ్మమ్మతో మాట్లాడే దారి మూసుకుపోతుంది.

అక్షరశిల్పి
నేను దీన్ని ఒప్పుకోలేకపోతున్నాను. బాబు రెండు మూడు గడులు కలపడం మొదలుపెట్టాక తెలుగు మాటని ఇంగ్లిష్ వరసలో నేర్చుకుంటాడు. అప్పుడు మార్చడం ఇంకా కష్టం. సీబోర్డ్ లాంటి ఉచిత యాప్‌లో ఇంటికి విడిగా బోర్డు కట్టుకోవచ్చు, ఫొటోలు పెట్టుకోవచ్చు, గడికి అమ్మమ్మ గొంతే రికార్డు చేసి పెట్టుకోవచ్చు. గొంతు రికార్డు చేయడం ముఖ్యం. ఎమోజీని యాప్ చేత చదివిస్తే దాని అధికారిక పేరు చదువుతుంది, మీరు అనుకున్న మాట చదవదు. చుక్క బొమ్మ నొక్కితే "నీళ్లు" అని కాదు, "బిందువు" లాంటిదేదో వినిపిస్తుంది.

డాలస్ నాన్న
రెండూ సబబుగానే ఉన్నాయి. స్కూలు థెరపిస్ట్‌ని కూడా అడిగి, ఇంట్లో ఒక నెల పాటు మాటలమ్మ గారి పద్ధతి చూస్తాం. బాబు గడులు కలపడం మొదలుపెడితే మళ్లీ ఇక్కడ అడుగుతాను.

చిన్నారి అమ్మ
బోర్డు ఫైలు చేశాను. ఎమోజీలు ఆరు మిగిలాయి: బంతి, పాట, చూడు, ఇవ్వు, టాయిలెట్, ఇంకా. ఫొటోలు అయిదు, బిస్కెట్‌కి పాప తినేదే ఫొటో తీశాను, "బయటికి" గడికి మా గేటు. మిగతా తొమ్మిదీ ఆరాసాక్‌వి. ఒక సందేహం మిగిలింది. పాప కొత్త కాగితం చూడగానే అన్ని గడుల మీదా వరసగా చెయ్యి కొట్టేస్తే ఏం చేయాలి?

మాటలమ్మ
కొట్టనివ్వండి, మొదటి కొన్ని రోజులు అలాగే ఉంటుంది. ఏ గడి మీద చెయ్యి ఆగిందో ఆ మాట నోటితో చెప్పి, వీలైతే జరిపించండి. "పాట" మీద ఆగితే రెండు చరణాలు పాడండి, "చూడు" మీద ఆగితే ఆమె వంక చూడండి. చేతిలోంచి కాగితం మాత్రం లాక్కోవద్దు. రెండు మూడు వారాలయ్యాక కూడా గడి వంక చూడకుండా కొడుతూనే ఉంటే అప్పుడు రాయండి. చూపు పరీక్ష చేయించారా అని అడుగుతాను. జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం, డీఈఐసీలో ఉచితంగా చూస్తారు.